ట్రిపుల్ బ్యారియర్ లేబులింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

మోడల్‌కి నేర్పడానికి పాత ట్రేడ్లకు లేబుళ్లు వేయడం మొదలుపెట్టినవాళ్లు దాదాపు అందరూ ఒకే చోట్ల ఆగిపోతారు. పదే పదే వచ్చే ఆ సందేహాలను దశలవారీగా ఇక్కడ పెట్టాను. వరుసగా చదవాల్సిన పని లేదు, కావాల్సిన ప్రశ్నకు నేరుగా వెళ్లొచ్చు. ఉదాహరణల్లోని ధరలన్నీ లెక్క అర్థం కావడానికి ఊహించినవే.

## మొదలుపెట్టే ముందు

మూడు బ్యారియర్లంటే ఏంటి? సింపుల్‌గా చెప్పండి.

చార్ట్ మీద ట్రేడ్‌లోకి దిగిన చోట చుక్క పెట్టండి. ఆ ధరకు పైన ఒక అడ్డగీత గీయండి, అది లాభం టార్గెట్. కింద మరో అడ్డగీత, అది స్టాప్ లాస్. కుడివైపు కొంత దూరంలో ఒక నిలువు గీత, అది గడువు. ధర వీటిలో ముందు దేన్ని తాకిందో చూసి లేబుల్ వేస్తాం. పై గీతను తాకితే +1, కింది గీతను తాకితే -1, రెండింటినీ తాకకుండానే గడువు ముగిస్తే 0.

అసలు విషయమంతా "ముందు" అన్న మాటలో ఉంది. ధర చివరికి ఎక్కడ తేలిందన్నది కాదు, దారిలో ఏం జరిగిందన్నది లేబుల్‌ని తేలుస్తుంది. ఈ పద్ధతిని ఒక పేరుతో, ఒక క్రమంలో అందరికీ అందించింది మార్కోస్ లోపెజ్ దె ప్రాడో, 2018లో. టార్గెట్, స్టాప్, గడువు పెట్టుకుని ట్రేడ్ చేయడం మాత్రం అంతకు చాలా ముందునుంచీ ఉన్నదే.

ఒక్క లేబుల్ అంకె దాచుకుంటే సరిపోదు. ప్రతి ట్రేడ్‌కీ లేబుల్, అది ముగిసిన సమయం, వచ్చిన రాబడి, ఈ మూడూ దాచండి. ముగిసిన సమయం లేకపోతే ట్రైనింగ్ దశలో చేయాల్సిన పనులు సగం ఆగిపోతాయి.

పది రోజుల తర్వాత ధర పెరిగిందా తగ్గిందా అని చూసి లేబుల్ వేస్తే పోదా? ఇంత తతంగం ఎందుకు?

మీరు నిజంగా స్టాప్ లాస్ లేకుండా పది రోజులు కదలకుండా కూర్చునేవాళ్లయితే ఆ లేబులే సరైనది. స్టాప్ పెట్టుకునేవాళ్లయితే అది మీరు ఎప్పుడూ చేయని ట్రేడ్‌కి వేసిన లేబుల్ అవుతుంది. ఒక ట్రేడ్‌ని దగ్గరగా చూద్దాం.

కొన్న ధర 1000. ఆ సమయానికి రోజువారీ వొలటాలిటీ 1.5 శాతం. టార్గెట్ దానికి రెండింతలు, అంటే 1030. స్టాప్ ఒక్కింత, అంటే 985. గడువు 10 రోజులు. ఆ తర్వాత ధర ఇలా నడిచింది:

| రోజు | హై | లో | క్లోజ్ |
|---|---|---|---|
| 1 | 1012 | 991 | 1006 |
| 2 | 1024 | 1001 | 1019 |
| 3 | 1027 | 1005 | 1008 |
| 4 | 1015 | 983 | 996 |
| 5 | 1014 | 994 | 1011 |
| 6 | 1033 | 1009 | 1029 |
| 7 | 1041 | 1022 | 1036 |
| 8 | 1038 | 1018 | 1021 |
| 9 | 1025 | 1007 | 1010 |
| 10 | 1013 | 998 | 1004 |

పదో రోజు క్లోజ్ మాత్రమే చూస్తే 0.4 శాతం లాభం, అంటే "పెరిగింది". రోజువారీ క్లోజ్‌లతో మూడు గీతలు పెట్టి చూస్తే ఏడో రోజు 1036 దగ్గర టార్గెట్ తగిలింది, లేబుల్ +1. రోజులోని హై, లో కూడా చూస్తే నాలుగో రోజు ధర 983కి దిగింది, 985 దగ్గర స్టాప్ ఎగిరిపోయింది, లేబుల్ -1.

ట్రేడ్ ఒకటే, లేబుళ్లు మాత్రం మూడు రకాలు. మార్కెట్లో స్టాప్ ఆర్డర్ పెట్టి ఉంచేవాళ్లకు జరిగేది మూడోది. నాలుగో రోజు బయటికి వచ్చేసినవాళ్లకు ఏడో రోజు ధర ఎంతైతే ఏంటి? మోడల్‌కి మాత్రం "ఇలాంటి చోట కొంటే లాభం" అని నేర్పేస్తాం. ఈ రకం తప్పుడు +1లు డేటాలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం కష్టమేమీ కాదు. రెండు రకాలుగానూ లేబుళ్లు వేసి, ఎన్ని ట్రేడ్ల దగ్గర తేడా వచ్చిందో చూడండి.

## గీతలు ఎక్కడ పెట్టాలి

టార్గెట్ 3 శాతం, స్టాప్ 3 శాతం అని ఫిక్స్ చేసేయొచ్చా?

చేయొచ్చు గానీ, డేటాలో ప్రశాంతమైన కాలం, అల్లకల్లోలమైన కాలం రెండూ ఉంటే ఇబ్బంది వస్తుంది. రోజుకి 0.5 శాతం కదిలే కాలంలో 3 శాతం గీత ఎక్కడో దూరంగా ఉంటుంది, ఎక్కువ ట్రేడ్లు గడువు ముగిసి 0తో తేలతాయి. రోజుకి 3 శాతం ఊగే కాలంలో అదే గీత ఒకటి రెండు రోజుల్లోనే తగులుతుంది, 0లు దాదాపు మాయమవుతాయి. అప్పుడు మోడల్ దిశ నేర్చుకోదు, ఇప్పుడు మార్కెట్ ఎంత ఊగుతోందన్నది నేర్చుకుంటుంది. 0లను గుర్తుపట్టడానికి అది చాలు కాబట్టి స్కోరు కూడా బాగానే కనిపిస్తుంది.

అందుకే గీతల దూరాన్ని ఆ సమయానికి ఉన్న వొలటాలిటీకి ఇన్నింతలు అని పెడతారు. అలా పెట్టాక సంవత్సరం వారీగా +1, -1, 0 ఎంతెంత శాతం వచ్చాయో ఒక టేబుల్ వేసుకోండి. ఏళ్ల మధ్య తేడా బాగా తగ్గాలి. తగ్గకపోతే వొలటాలిటీ లెక్కలో ఏదో తేడా ఉన్నట్టే.

వొలటాలిటీ ఎలా లెక్కపెట్టాలి? ఎన్ని రోజులది తీసుకోవాలి?

ఎక్కువమంది వాడేది పాత రాబడులకు క్రమంగా తగ్గే బరువులిచ్చి తీసిన స్టాండర్డ్ డీవియేషన్. పాండాస్‌లో ఒక్క లైన్:

```python
sigma = df["close"].pct_change().ewm(span=100).std()
```

ఇక్కడ `span=100` అంటే సుమారు 35 బార్లు వెనక్కి వెళ్లేసరికి బరువు సగానికి పడిపోతుంది. 50 పెట్టినా 100 పెట్టినా కొంప మునిగేదేమీ లేదు. కొంప ముంచేవి వేరే రెండున్నాయి.

మొదటిది, భవిష్యత్తు కలిసిపోవడం. మొత్తం డేటాకి ఒకే స్టాండర్డ్ డీవియేషన్ తీసి అన్ని ట్రేడ్లకూ వాడటం, లేదా విండోని మధ్యలో కూర్చోబెట్టే రోలింగ్ లెక్క వాడటం, రెండూ ఈ కోవలోవే. పట్టుకోవడం తేలిక. ఏదో ఒక తేదీ దగ్గర డేటాని కోసేసి σ మళ్లీ లెక్కపెట్టండి. ఆ తేదీ విలువ పూర్తి డేటాతో వచ్చినదానితో చివరి అంకె దాకా సరిపోవాలి.

రెండోది, కొలతలు కలవకపోవడం. ఐదు నిమిషాల బార్ల మీద పనిచేస్తూ, రోజువారీ వొలటాలిటీతో గీతలు పెట్టి, గడువు మాత్రం 20 బార్లు ఇస్తారు. ఆ గీతలు తగిలేది చాలా అరుదు. రాబడులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి అనుకుంటే వొలటాలిటీ కాలపు వర్గమూలంతో పెరుగుతుంది. ఒక బార్‌కి 0.1 శాతమైతే 100 బార్లకు √100 × 0.1, అంటే సుమారు 1 శాతం. గీతలనూ గడువునూ ఒకే కాలపు కొలతలో ఆలోచించండి.

గడువు ఎంత పెట్టాలి? నాకు 70 శాతం సున్నాలే వస్తున్నాయి.

గడువు, గీతల దూరం విడివిడిగా తేల్చేవి కావు. ధర ఏ దిశకూ మొగ్గు లేకుండా యాదృచ్ఛికంగా నడుస్తోందనుకుంటే, పై గీత a దూరంలో, కింది గీత b దూరంలో ఉన్నప్పుడు ఏదో ఒకటి తగలడానికి పట్టే సగటు సమయం `a*b/σ²`. రెండు గీతలూ 2σ దూరంలో ఉంటే 2 × 2 = 4 రోజులు. 3σ దూరంలో పెడితే 9 రోజులు. దూరం కాస్త పెంచితే సమయం వర్గంలా పెరుగుతుందన్నమాట. చాలామందికి తట్టని సంగతి ఇదే.

అదే 2σ గీతలతో, ధరను నిరంతరం గమనిస్తున్నామనుకుని లెక్క వేస్తే, 2 రోజుల గడువుకి దాదాపు 69 శాతం ట్రేడ్లు ఏ గీతనూ తాకకుండా మిగులుతాయి. 5 రోజులకు 27 శాతం, 10 రోజులకు 6 శాతం. క్లోజ్‌లు మాత్రమే చూస్తే కొన్ని తాకిడులు కంటపడవు కాబట్టి సున్నాలు ఇంకొంచెం ఎక్కువ వస్తాయి. మీకు 70 శాతం వస్తున్నాయంటే కోడ్‌లో తప్పు వెతికే ముందు ఈ లెక్క వేసి చూడండి. గీతలకు గడువు చాలకపోవడమే కారణం కావచ్చు.

ఎంత పెట్టాలన్నది మీ ట్రేడ్‌ని బట్టి ఉంటుంది. సిగ్నల్ ప్రభావం మూడు రోజులకు మించి ఉండదని మీకు తెలిస్తే గడువుని 20 రోజులకు సాగదీసి ప్రయోజనం లేదు. ఆ మిగతా పదిహేడు రోజుల్లో తగిలే గీతలకు మీ సిగ్నల్‌తో సంబంధం ఉండదు. అలాంటప్పుడు గడువు అలాగే ఉంచి గీతలను దగ్గరికి తేవాలి.

టార్గెట్‌ని స్టాప్‌కి రెండింతలు పెడితే +1లు మూడో వంతే వచ్చాయి. నా డేటా మంచిది కాదా?

డేటా తప్పేమీ లేదు, అది గీతల జ్యామితి. దిశ లేని యాదృచ్ఛిక నడకలో, గడువు లేకపోతే, పై గీత ముందు తగిలే అవకాశం `sl/(pt+sl)`. టార్గెట్ 2, స్టాప్ 1 అయితే 1/3. టార్గెట్ 3, స్టాప్ 1 అయితే 1/4. ఏ సిగ్నలూ లేని చోట కూడా ఇంతే వస్తుంది.

దీన్ని ఇంకో వైపు నుంచి చూడండి. రెండింతల టార్గెట్‌తో మూడింట ఒకసారి గెలిస్తే లాభనష్టాలు సరిగ్గా సమానమవుతాయి. అంటే "రిస్క్‌కి రెండింతల రివార్డ్" అన్న సూత్రం దానంతట అది ఒక్క పైసా తెచ్చిపెట్టదు. రివార్డ్ పెరిగినంత మేరా గెలుపు శాతం తగ్గి, లెక్క మళ్లీ సున్నాకే వస్తుంది.

నేను గట్టిగా చెప్పే ఒక్క పని ఏదైనా ఉంటే ఇదే: మీ లేబులింగ్ కోడ్‌ని ముందు యాదృచ్ఛిక నడక మీద నడపండి. మీ డేటాకి ఉన్నంత వొలటాలిటీతో కొన్ని వేల కృత్రిమ బార్లు తయారుచేసి, అవే గీతలతో లేబుళ్లు వేయండి. గడువు వల్ల, బార్ల మధ్య ఖాళీల వల్ల శాతాలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. కానీ 2:1 గీతలతో +1లు -1లు సమానంగా వస్తున్నాయంటే కోడ్‌లో తప్పుంది. మీ అసలు డేటాలోని శాతాలను 50తో కాదు, ఈ కృత్రిమ డేటా శాతాలతో పోల్చాలి.

ఏ గీతలకు బ్యాక్‌టెస్ట్ బాగా వస్తే అవి వాడుకోవచ్చు కదా?

టార్గెట్‌కి ఐదు విలువలు, స్టాప్‌కి ఐదు, గడువుకి నాలుగు ప్రయత్నిస్తే వంద బ్యాక్‌టెస్ట్‌లు. సిగ్నల్ ఏమీ లేకపోయినా వందలో ఒకటి రెండు అదృష్టం కొద్దీ మెరుస్తాయి. గీతలను మీరు తట్టుకోగల నష్టం, సిగ్నల్ ఆయుష్షు, ఖర్చులు, వీటిని బట్టి ముందే నిర్ణయించుకోండి. తర్వాత వాటిని కొంచెం అటూ ఇటూ జరిపి చూడటం మంచిదే, అది గీతలు ఎంచుకోవడానికి కాదు. 2.0 దగ్గర బాగుండి 1.8, 2.2 దగ్గర కుప్పకూలే ఫలితాన్ని నమ్మకూడదని తెలుసుకోవడానికి.

## లేబుల్ వేసేటప్పుడు

ఒకే బార్‌లో టార్గెట్, స్టాప్ రెండూ తగిలితే ఏం వేయాలి?

బార్‌లో హై ముందు వచ్చిందా లో ముందు వచ్చిందా అన్నది ఆ బార్‌ని చూసి చెప్పలేం. చిన్న బార్ల డేటా ఉంటే ఆ ఒక్క బార్ లోపలికి వెళ్లి వరుస తెలుసుకోండి. లేకపోతే స్టాప్ ముందు తగిలిందనుకుని -1 వేయండి. టార్గెట్ ముందు అనుకుంటే ఫలితాలు అందంగా కనిపిస్తాయి, లైవ్‌లో ఆ అందం ఉండదు.

ఇలాంటి బార్లు మొత్తం లేబుళ్లలో ఎన్నో కూడా చూసుకోండి. ఏ వందకో ఒకటైతే వదిలేయొచ్చు. పదింట ఒకటైతే మీ గీతలు ఆ బార్ సైజుకి మరీ దగ్గరగా ఉన్నాయి. అప్పుడు చిన్న బార్లయినా కావాలి, గీతలైనా దూరం జరగాలి.

కోడ్ ఎలా ఉంటుంది? పెద్ద లైబ్రరీ ఏదైనా కావాలా?

ఏమీ అక్కర్లేదు. కొనుగోలు ట్రేడ్‌కి ఇదిగో:

```python
def label_long(df, i, sigma, pt, sl, max_bars):
    if i + max_bars >= len(df):
        return None
    entry = df["open"].iloc[i + 1]
    up = entry * (1 + pt * sigma)
    dn = entry * (1 - sl * sigma)
    for j in range(i + 1, i + max_bars + 1):
        bar = df.iloc[j]
        if bar["low"] <= dn:
            return -1, j, min(bar["open"], dn) / entry - 1
        if bar["high"] >= up:
            return 1, j, max(bar["open"], up) / entry - 1
    return 0, j, bar["close"] / entry - 1
```

సిగ్నల్ `i` బార్ క్లోజ్ దగ్గర వచ్చింది, కొన్నది తర్వాతి బార్ ఓపెన్ దగ్గర. క్లోజ్ చూశాక తెలిసే సిగ్నల్‌తో అదే క్లోజ్ ధరకు కొన్నట్టు రాయడం చాలామంది కోడ్‌లో కనిపించే తప్పు. `sigma` కూడా `i` బార్ దాకా తెలిసినదే ఇవ్వాలి.

`min(bar["open"], dn)` గ్యాప్ కోసం. స్టాప్ 985 దగ్గర ఉండి ఉదయమే ధర 970 దగ్గర తెరుచుకుంటే మీకు దొరికేది 970, 985 కాదు. లేబుల్ రెండు సందర్భాల్లోనూ -1 అయినా రాబడి వేరు. గ్యాప్‌తో టార్గెట్ దాటి తెరుచుకుని, అదే బార్‌లో స్టాప్ దాకా పడే అరుదైన రోజుని ఈ కోడ్ -1గా లెక్కిస్తుంది. కచ్చితంగా కావాలంటే ముందు ఓపెన్‌ని గీతలతో పోల్చే రెండు లైన్లు కలుపుకోండి.

ధరలు స్ప్లిట్లకు, బోనస్‌లకు సరిచేసినవై ఉండాలి. లేకపోతే స్ప్లిట్ రోజున అప్పుడు తెరిచి ఉన్న ట్రేడ్లన్నీ ఒక్కసారిగా స్టాప్ అవుతాయి.

డేటా చివర్లో ఉన్న ట్రేడ్లను ఏం చేయాలి? కొన్నింటికి గీత తగిలింది, కొన్నింటికి ఇంకా గడువు ముగియలేదు.

గడువు డేటా చివర్ని దాటిపోయే ట్రేడ్లన్నింటినీ తీసేయండి. గీత తగిలి లేబుల్ తేలిపోయిన వాటిని కూడా. వినడానికి వృథా అనిపిస్తుంది. కానీ తేలినవి మాత్రం ఉంచి తేలనివి తీసేస్తే, ఆ చివరి భాగంలో త్వరగా ముగిసిన ట్రేడ్లే మిగులుతాయి. స్టాప్ దగ్గరగా, టార్గెట్ దూరంగా ఉంటే త్వరగా ముగిసేవి ఎక్కువగా నష్టాలే. తీరా చూస్తే అత్యంత తాజా డేటాలో -1లు అసాధారణంగా పెరిగి, మార్కెట్ ఏదో మారిపోయిందని టెన్షన్ పడతారు. మారింది మార్కెట్ కాదు, మీ ఏరివేత. ట్రైన్, టెస్ట్ భాగాలుగా కోసే ప్రతి చోటా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

గడువు ముగిస్తే 0 వేయాలా, అప్పటి రాబడి ప్లస్సా మైనస్సా చూసి +1, -1 వేయాలా?

రెండూ వాడుకలో ఉన్నాయి. గడువుకి బయటికి వచ్చిన ట్రేడ్లు తక్కువైతే ఏది చేసినా పెద్ద తేడా రాదు. ఎక్కువైతే నేను 0 వైపే మొగ్గుతాను. ఎందుకంటే 0.05 శాతం లాభంతో ముగిసినదానికీ, పూర్తి టార్గెట్ కొట్టినదానికీ ఒకే +1 వేస్తే మోడల్ రెండింటినీ ఒకే గాటన కడుతుంది. ఖర్చులు తీస్తే మొదటిది నష్టమే.

షార్ట్ ట్రేడ్లకు మార్చాల్సింది ఏమిటి?

గీతలు తలకిందులవుతాయి. కింది గీత టార్గెట్, పై గీత స్టాప్. రాబడి గుర్తు కూడా మారుతుంది. ట్రేడ్ దిశే ఇంకా తెలియదు, మోడలే చెప్పాలి అంటే మాత్రం రెండు గీతలూ సమాన దూరంలో ఉండాలి. దిశ తెలియనప్పుడు ఏ గీత టార్గెట్, ఏది స్టాప్ అన్న ప్రశ్నకే అర్థం లేదు. ఎడాపెడా దూరాలు పెడితే దగ్గరి గీత వైపే లేబుళ్లు పోగుపడతాయి.

## ట్రైనింగ్ దశ

రోజూ ఒక లేబుల్ వేశాను, పదేళ్ల డేటా ఉంది. ఇన్ని వేల శాంపిళ్లు చాలు కదా?

అంకె వేలల్లో ఉన్నా అవి ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. పది రోజుల గడువుతో రోజూ ఒక ట్రేడ్ తెరిస్తే, ఏ రోజు చూసినా పది దాకా ట్రేడ్లు ఒకేసారి నడుస్తుండొచ్చు. ఒకే ఒక్క రోజు పతనం పదింటికీ -1 తెచ్చిపెడుతుంది. మోడల్ దాన్ని పది సాక్ష్యాలుగా చూస్తుంది, జరిగింది ఒకటే.

దీనికి ప్రతి లేబుల్‌కీ బరువు లెక్కపెడతారు. ట్రేడ్ నడిచిన ఒక్కో రోజున ఎన్ని ట్రేడ్లు తెరిచి ఉన్నాయో చూసి, 1ని ఆ సంఖ్యతో భాగించి, ఆ ట్రేడ్ రోజులన్నింటికీ సగటు తీస్తారు. మొదటి ట్రేడ్ 1 నుంచి 4వ రోజు దాకా, రెండోది 3 నుంచి 6 దాకా, మూడోది 6, 7 రోజుల్లో నడిచాయనుకోండి. 3, 4, 6 రోజుల్లో రెండేసి ట్రేడ్లున్నాయి, మిగతా రోజుల్లో ఒక్కొక్కటే. మొదటి ట్రేడ్ బరువు (1 + 1 + 0.5 + 0.5) / 4 = 0.75. రెండోదానికి (0.5 + 0.5 + 1 + 0.5) / 4 = 0.625. మూడోదానికి (0.5 + 1) / 2 = 0.75. వీటిని `sample_weight`గా ఇస్తే సరి. బరువులన్నీ కూడితే మీ దగ్గర నిజంగా ఎన్ని శాంపిళ్లున్నాయో సుమారుగా తెలుస్తుంది.

బరువుల కంటే ముందు ఇంకోటి ఆలోచించండి: రోజూ లేబుల్ వేయడం అవసరమా? ధర ఒక హద్దు దాటి కదిలినప్పుడో, మీ వ్యూహం సిగ్నల్ ఇచ్చినప్పుడో మాత్రమే వేస్తే ఈ గొడవ చాలావరకు మొదట్లోనే తగ్గుతుంది.

క్రాస్ వాలిడేషన్‌లో స్కోరు అదిరిపోయింది, కొత్త డేటా మీద తుస్సుమంది. ఎందుకు?

మొదట అనుమానించాల్సింది లీకేజీని. ఈ నెల 10న తెరిచిన ట్రేడ్ లేబుల్ 20న తేలింది. అది ట్రైనింగ్‌లో ఉంది. 12న తెరిచిన ట్రేడ్ టెస్ట్‌లో ఉంది. రెండింటి లేబుళ్లనూ 12 నుంచి 20 మధ్య నడిచిన అవే ధరలు తేల్చాయి. ఫీచర్లు కూడా పక్కపక్క రోజులవే కాబట్టి దాదాపు ఒకేలా ఉంటాయి. మోడల్ టెస్ట్ జవాబుని ట్రైనింగ్‌లోనే చూసేసింది. శాంపిళ్లను కలగలిపి విడగొట్టే మామూలు కె-ఫోల్డ్‌లో ఇది ప్రతి చోటా జరుగుతుంది.

మందు ఏమిటంటే, తెరిచిన సమయం నుంచి ముగిసిన సమయం దాకా ఉన్న కాలం టెస్ట్ భాగంలోని ఏ ట్రేడ్ కాలంతోనైనా కలిస్తే, ఆ ట్రైనింగ్ ట్రేడ్‌ని తీసేయాలి. దీన్ని పర్జింగ్ అంటారు. టెస్ట్ భాగం ముగిసిన వెంటనే వచ్చే కొన్ని బార్లనూ ట్రైనింగ్‌లోంచి వదిలేయడం ఎంబార్గో. తేడా ఎంతో చూడాలంటే పర్జింగ్‌తో, అది లేకుండా రెండుసార్లు స్కోరు తీయండి. పర్జింగ్ పెట్టగానే స్కోరు సగం ఎగిరిపోతే, ఎగిరిపోయిన ఆ సగం మోడల్ ప్రతిభ కాదు.

మోడల్ ఆక్యురసీ 67 శాతం. ఇది మంచిదేనా?

గీతలు తెలియకుండా చెప్పలేం. టార్గెట్ 2, స్టాప్ 1 అయితే యాదృచ్ఛిక నడకలోనే మూడింట రెండు ట్రేడ్లు -1 అవుతాయి. కళ్లు మూసుకుని ప్రతిసారీ -1 అని చెప్పే మోడల్‌కి 67 శాతం ఆక్యురసీ వస్తుంది, ఒక్క ట్రేడ్ కూడా తీసుకోకుండానే!

చూడాల్సింది మోడల్ "కొను" అన్న ట్రేడ్లలో ఎన్ని నిజంగా +1 అయ్యాయన్నది. దాన్ని లాభనష్టాలు సమానమయ్యే శాతంతో పోల్చాలి. టార్గెట్ 3 శాతం, స్టాప్ 1.5 శాతం, రానూపోనూ ఖర్చు 0.2 శాతం అనుకుందాం. గెలిస్తే మిగిలేది 2.8, ఓడితే పోయేది 1.7. గడువుతో ముగిసేవి లేవనుకుంటే సమానమయ్యే గెలుపు శాతం 1.7 / (2.8 + 1.7), అంటే 37.8. ఖర్చు లేకుండా అది 33.3. ఇంత చిన్న ఖర్చుకే నాలుగున్నర శాతం పాయింట్లు పోయాయి. గీతలు దగ్గరికి జరిపేకొద్దీ ఈ భారం పెరుగుతుంది, ఎందుకంటే ఖర్చు అంతే ఉంటుంది, గెలుపు చిన్నదవుతుంది.

మెటా లేబులింగ్ అంటే ఇదేనా?

అది దీని మీద కట్టే రెండో అంతస్తు. కొనాలా అమ్మాలా అన్నది ఒక మొదటి మోడలో, మామూలు నియమమో చెప్పేస్తుంది. ఆ ట్రేడ్‌కి మూడు గీతలు పెట్టి, లాభంతో ముగిస్తే 1, లేకపోతే 0 అని లేబుల్ వేస్తారు. రెండో మోడల్ నేర్చుకునేది ఒక్కటే: ఈ ట్రేడ్ తీసుకోవాలా, వదిలేయాలా. దిశ ముందే తెలుసు కాబట్టి టార్గెట్, స్టాప్ వేర్వేరు దూరాల్లో పెట్టుకోవచ్చు. మొదటి నియమంలో సరుకు లేకపోతే రెండో మోడల్ దాన్ని సృష్టించలేదు. చెత్త ట్రేడ్లను కొంత ఏరగలదు, అంతే.

## లైవ్‌కి వెళ్లాక

లైవ్‌లో కూడా అవే టార్గెట్, స్టాప్, గడువు పాటించాలా?

పాటించాలి. మోడల్ చెప్పే సంభావ్యత ఆ గీతల గురించే. "0.45" అంటే "2σ టార్గెట్ 1σ స్టాప్ కంటే ముందు, పది రోజుల్లోపు తగిలే అవకాశం" అని, ధర పెరిగే అవకాశం అని కాదు. లైవ్‌లో స్టాప్‌ని వెడల్పు చేస్తే ఆ అంకెకు అర్థం పోతుంది.

ఎంట్రీ దగ్గర లెక్కించిన σతోనే గీతలు చివరిదాకా ఉండాలి. రోజూ కొత్త σతో గీతలను జరుపుతూ పోతే అది ట్రైలింగ్ స్టాప్‌కి దగ్గరైన వేరే ట్రేడ్ అవుతుంది. అలాంటిదే చేయాలనుకుంటే లేబుల్ వేసేటప్పుడు కూడా గీతలను అలాగే జరపాలి.

గడువు లోపే మోడల్ మనసు మార్చుకుంటే? నిన్న కొను అంది, ఇవాళ వద్దంటోంది.

ఇవాళ్టి అంచనా ఇవాళ కొత్తగా తెరిచే ట్రేడ్ గురించి. దాని గీతలు ఇవాళ్టి ధర చుట్టూ ఉంటాయి. మీ చేతిలో ఉన్న ట్రేడ్ గీతలు నిన్నటి ధర చుట్టూ ఉన్నాయి. ధర ఇప్పటికే టార్గెట్‌కి దగ్గరగా వచ్చి ఉంటే, కొత్త ట్రేడ్ వద్దన్నంత మాత్రాన పాతదాన్ని మూసేయాలని లేదు.

సిగ్నల్ తిరగబడితే బయటికి రావడం మీ పద్ధతే అయితే దాన్ని నాలుగో గీతగా లేబులింగ్‌లోకి తీసుకురండి: ధర ఏ గీతనూ తాకకముందే వ్యతిరేక సిగ్నల్ వస్తే ట్రేడ్ అక్కడ ముగుస్తుంది, అప్పటి రాబడితో. కానీ ఆ సిగ్నల్ ట్రైనింగ్ చేస్తున్న ఈ మోడల్‌ది కాకూడదు, ముందే ఉన్న నియమానిదై ఉండాలి. లేకపోతే లేబుళ్లు మోడల్ మీద, మోడల్ లేబుళ్ల మీద ఆధారపడి, ట్రైన్ చేసిన ప్రతిసారీ లేబుళ్లు మారిపోతుంటాయి.